ముందు ఏది పట్టుకోవాలి?

గాజువాకలో సాయంత్రం నా దగ్గరికి లెక్కలకు వచ్చే పిల్లల్లో కొందరిది ఉక్కునగరం, కొందరిది మల్కాపురం, శ్రీహరిపురం. బడులు వేరు, సిలబస్సులు వేరు. కారణాంక విభజనలో మాత్రం అందరూ ఒక్కచోటే ఆగిపోతారు. "మాష్టారూ, దీనికి ఏ ఫార్ములా?" అంటారు. ఫార్ములాలు రాక కాదు. a² − b² అంటే (a + b)(a − b) అని నిద్రలో లేపినా చెబుతారు. దాన్ని ఎప్పుడు బయటికి తీయాలన్నదే తెలియదు.

ఇందులో పుస్తకం పాత్ర కూడా ఉంది. ఎనిమిదో తరగతి పాఠంలో ఉమ్మడి కారణాంకం తీయడం, పదాలను సమూహాలుగా చేయడం, సర్వసమీకరణాలు వాడటం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. దేని లెక్కలు దాని కిందే ఉంటాయి. పైన శీర్షిక చూస్తే పద్ధతి తెలిసిపోతుంది, ఇక చేయి ఆడించడమే మిగులుతుంది. పరీక్షలో శీర్షిక ఉండదు.

అందుకని నేను ఇచ్చే కాగితంలో అన్నీ కలిపేస్తాను. మొదటి విడతలో లెక్క చేయనివ్వను. ప్రతి లెక్క పక్కనా మార్జిన్‌లో పెన్సిల్‌తో మొదటి అడుగు ఏమిటో మాత్రం రాయాలి: "కామన్", "రెండూ రెండూ", "మూడూ ఒకటీ", "వర్గాల భేదం", "అవదు". అది చూశాకే రెండో విడత. మొదట్లో పిల్లలకు ఇది విసుగు. చేతులు కట్టేసినట్టు ఉంటుంది మరి.

మార్జిన్‌లో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: అన్ని పదాల్లోనూ ఉమ్మడిగా ఏమైనా ఉందా? 12x² − 27y² చూడండి. 12 వర్గం కాదు, 27 వర్గం కాదు, కాబట్టి "అవదు" అని రాసేస్తారు. 3 బయటికి తీస్తే లోపల 4x² − 9y² కనిపిస్తుంది. జవాబు 3(2x + 3y)(2x − 3y). దీనికంటే మోసకారి లెక్క 16x² − 36. రెండూ చక్కటి వర్గాలే కదా అని నేరుగా (4x + 6)(4x − 6) రాస్తారు. తప్పు కాదు గానీ పని పూర్తి కాలేదు. రెండు బ్రాకెట్లలోనూ 2 ఇంకా మిగిలే ఉంది. ముందే 4 తీసి ఉంటే 4(2x + 3)(2x − 3) దగ్గర తిన్నగా ముగిసేది.

ఉమ్మడిది తీశాక పదాలు లెక్కపెట్టాలి. రెండు మిగిలి, మధ్యలో మైనస్ ఉండి, రెండూ వర్గాలైతే వర్గాల భేదం. మూడైతే పూర్ణవర్గమా అని చూసి, కాకపోతే మధ్య పదాన్ని విడగొట్టడం. నాలుగైతే సమూహాలు. అసలు చిక్కు ఈ నాలుగు పదాల దగ్గరే ఉంది కాబట్టి అక్కడ కాస్త నిలబడదాం.

కాగితంలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే పెడతాను:

x² − y² + 5x − 5y

x² − y² + 6y − 9

రెండూ ఒకేలా మొదలవుతాయి. పిల్లలు రెండిటినీ ఒకేలా పట్టుకుంటారు. మొదటిది లొంగుతుంది: (x + y)(x − y) + 5(x − y). రెండు ముక్కల్లోనూ x − y ఉంది కాబట్టి దాన్ని బయటికి తెస్తే (x − y)(x + y + 5). రెండోదాన్నీ అలాగే చేస్తే (x + y)(x − y) + 3(2y − 3) వస్తుంది. ఇక్కడ బండి ఆగిపోయింది. రెండు ముక్కల్లో ఒకే బ్రాకెట్ రాలేదంటే ఆ జత కట్టడం పనికిరాలేదని అర్థం. వెంటనే కొట్టేసి వెనక్కి రావాలి. చాలామంది అలా రారు, అక్కడే ఏదో ఒకటి రాసి జవాబు అనిపించేస్తారు.

ఈ సంగతి ముందే కనిపెట్టవచ్చు. నాలుగు పదాల్లో వర్గాలు ఎన్నో లెక్కపెట్టండి. మొదటిదాంట్లో రెండే: x², y². రెండోదాంట్లో మూడు: x², y², 9. మూడు వర్గాలు కనిపిస్తే ముందు "మూడూ ఒకటీ" ప్రయత్నించాలి. ఏది ఒంటరో గుర్తు చెబుతుంది. y², 9 రెంటికీ మైనస్ ఉంది, x²కు ప్లస్. వేరే గుర్తున్నది ఒంటరి. మిగిలిన నాలుగో పదం 6y కూడా y, 3ల లబ్ధానికి రెట్టింపే కాబట్టి అనుమానం తీరిపోయింది. మైనస్‌ను బయటికి తెచ్చి మూడింటినీ కట్టాలి:

x² − (y² − 6y + 9) = x² − (y − 3)²

బ్రాకెట్ ముందు మైనస్ పెట్టినప్పుడు లోపల మూడు గుర్తులూ మారాలి. +6y లోపలికి వెళ్లి −6y అయింది. తప్పులన్నీ పుట్టేది ఇక్కడే. ఇప్పుడు వర్గాల భేదం వాడితే (x + y − 3)(x − y + 3). సరిచూడటానికి x = 5, y = 1 పెట్టండి. అసలు లెక్క 25 − 1 + 6 − 9 = 21. జవాబు 3 × 7 = 21. సరిచూసేటప్పుడు అన్నిటికీ 0 గానీ 1 గానీ పెట్టొద్దని చెబుతాను. 1కి వర్గమూ ఘనమూ ఒక్కటే, 0 సగం పదాలను మింగేస్తుంది. తప్పు దాక్కోవడానికి అవి మంచి చోట్లు.

ఇక ముగింపు దగ్గర తొందర. x³ + 3x² − 4x − 12లో రెండేసి కడితే (x + 3)(x² − 4) వస్తుంది. అక్కడ కలం మూసేస్తారు. x² − 4 ఇంకా విడిపోతుంది: (x + 3)(x + 2)(x − 2). ప్రతి బ్రాకెట్‌నూ కొత్త లెక్కలా చూసి, మళ్లీ పదాలు లెక్కపెట్టాలి.

"ఇదంతా ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా తండ్రులు. ఆటోనగర్‌లో లేత్ మీద బుష్ తిప్పేవారికి నేను చెప్పే లెక్క ఇది. బయటి వ్యాసార్ధం 26 మిల్లీమీటర్లు, లోపలిది 24 అయితే కోతముఖం వైశాల్యం π(26² − 24²). వర్గాలు కట్టక్కర్లేదు. తేడా 2, మొత్తం 50, కాబట్టి 100π, అంటే సుమారు 314 చదరపు మిల్లీమీటర్లు. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో అడిగాడు: రెండు సంఖ్యల భేదం 8, వాటి వర్గాల భేదం 400, ఆ సంఖ్యలేవి? 400ను 8తో భాగిస్తే మొత్తం 50. ఆ సంఖ్యలు 29, 21.

కాగితంలో ఒక లెక్క "అవదు" అని రాయాల్సిందీ ఉండాలి. నేను x² + 25 పెడతాను. అలాంటిది లేకపోతే ప్రతి లెక్కా విడిపోయి తీరాలనుకుని (x + 5)² అని బలవంతంగా రాసేస్తారు.

మీ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లలుంటే ఈ ఆదివారం x⁴ + 4 ఇచ్చి చూడండి. వర్గాల మొత్తం కాబట్టి "అవదు" అంటారు. అది విడిపోతుంది. 4x² కలిపి, మళ్లీ 4x² తీసేయమనండి. మిగతాది వాళ్లే చేస్తారు.