విరోధమా, విరోధాభాసమా?

కాలంలో ముందుకు పోయే కథల మీద ఎవరూ తగవు పడరు. భాగవతంలో కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళి, అక్కడి గానం ముగిసేదాకా ఆగి తిరిగివచ్చేసరికి భూమ్మీద యుగాలు గడిచిపోయాయి. అందులో వింత ఉంది గాని చిక్కు లేదు. మనిషి వెనక్కు వెళ్ళి, జరిగిపోయినదాని మీద చెయ్యి వేసినప్పుడే చిక్కు మొదలవుతుంది.

వెనక్కు వెళ్ళే కథలు ముఖ్యంగా రెండు నియమాల మీద నడుస్తాయి. ఒకటి స్థిరకాలం. వెళ్ళినవాడు అక్కడ చేసే పని చరిత్రలో ముందే కలిసి ఉంది, కనుక ఏదీ మారదు. రెండోది శాఖాకాలం. అతడు అడుగు పెట్టగానే కాలం కొమ్మ వేస్తుంది. పాత కొమ్మ అలాగే ఉంటుంది, మార్పంతా కొత్తకొమ్మలోనే. ఏ నియమమైనా సరే, పాఠకుడు ఒప్పుకుంటాడు. ఒక నియమం మీద కథ ఎత్తుకుని మరొక నియమం మీద దించితేనే ఒప్పుకోడు.

దీనికి జేమ్స్ కామెరాన్ తీసిన రెండు 'టెర్మినేటర్' చిత్రాలకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1984లో వచ్చిన మొదటి చిత్రంలో, 2029లో మనుషులతో యుద్ధం చేస్తున్న యంత్రాలు తమ శత్రునాయకుడు జాన్ కానర్ పుట్టకుండానే అతని తల్లి సారాను చంపడానికి ఒక యంత్రాన్ని 1984కు పంపుతాయి. ఆమెను కాపాడమని జాన్ తన అనుచరుడు కైల్ రీస్‌ను పంపుతాడు. ఆ కైలే జాన్‌కు తండ్రి అవుతాడు. అంటే, యంత్రాలు చంపబోకపోతే జాన్ పుట్టేవాడే కాదు. కైల్ భవిష్యత్తులో దాచుకున్న సారా ఫోటో ఒకటి ఉంది. చిత్రం చివర పెట్రోలుబంకు దగ్గర ఒక కుర్రవాడు తీసేది సరిగ్గా ఆ ఫోటోనే. ఆ క్షణంలో వలయం మూసుకుంటుంది. ఏ నియమమో మాటల్లో చెప్పవలసిన పని లేకుండా ఒక్క వస్తువుతో చెప్పాడు దర్శకుడు.

కొడుకు పంపితే వెళ్ళినవాడు తండ్రి కావడం విరోధం కాదా? కాదు. అలంకారశాస్త్రం చదివిన విద్యార్థి దీన్ని వెంటనే పోల్చుకోవాలి. ఇది విరోధాభాసం: పైకి పొసగనట్టు కనిపించి, ఆలోచిస్తే పొసగుతుంది. ఏ సంఘటనా మరొకదాన్ని కొట్టివేయడం లేదు. కారణం గుండ్రంగా తిరుగుతోంది, అంతే.

1991 నాటి రెండో చిత్రానికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. మొదటి యంత్రం చితికిపోగా మిగిలిన చెయ్యీ, చిప్పూ ఒక కంపెనీకి దొరికాయనీ, వాటిని చూసే ఆ యంత్రజాతిని తయారుచేస్తున్నారనీ తెలుస్తుంది. ఇంతవరకూ ఇది మరో వలయమే. కానీ సారా, జాన్, వారి పక్షాన వచ్చిన యంత్రం కలిసి ఆ పరిశోధనశాలను పేల్చి, చెయ్యినీ చిప్పునూ కరిగిన ఉక్కులో పడేస్తారు. 1997 ఆగస్టు 29న రావలసిన ప్రళయం ఇక రాదనే ఆశతో చిత్రం ముగుస్తుంది.

అభిమానుల తగవు ఇక్కడే. యుద్ధమే రాకపోతే కైల్‌ను ఎవరు పంపుతారు? పంపకపోతే జాన్ ఎక్కడివాడు? వాడేమో తెరమీద నిక్షేపంగా నిలబడి ఉన్నాడు! స్థిరకాలం ప్రకారం ఇది నిజమైన విరోధం, ఆభాసం కాదు. శాఖాకాలం అనుకుంటే జాన్‌కు ప్రాణభయం లేదు; అతని పుట్టుకకు కారణం మరో కొమ్మలో భద్రంగా ఉంది. అయితే అలా ఒప్పుకున్నవారు మరొకటీ ఒప్పుకోవాలి. ఆ పాత కొమ్మలో ప్రళయం వచ్చే తీరుతుంది, అక్కడి కోట్లమంది చచ్చే తీరతారు. సారా ఒక లోకాన్ని కాపాడలేదు, కాపాడబడిన మరో లోకంలోకి వెళ్ళింది. కొందరు దీన్ని పిల్లల తర్కక్రీడ అంటారు గాని, నాకు అలా తోచదు. మనిషి చేసిన పనికి ఫలం ఎవరికి దక్కింది అన్నదే వాళ్ళు అడుగుతున్న ప్రశ్న. 2003 నాటి మూడో చిత్రం, ప్రళయం వాయిదా పడిందే గాని తప్పలేదని తేల్చి, రెండో చిత్రం ఇచ్చిన ఆశను చులకన చేసింది.

నియమాన్ని నోటితో చెప్పినా తగవు ఆగదు. 2019 నాటి 'అవెంజర్స్: ఎండ్‌గేమ్'లో, గతాన్ని మార్చినా మన వర్తమానం మారదని పాత్రల చేతనే చెప్పించారు. చివర స్టీవ్ రోజర్స్ గతంలోకి వెళ్ళి, ప్రియురాలితో జీవితమంతా గడిపి, ముసలివాడై చెరువుగట్టున బెంచీ మీద కూర్చుని కనిపిస్తాడు. తిరిగి రావలసిన యంత్రవేదిక మీద కాక, పక్కన! వేరే కొమ్మలో బతికి వచ్చాడని దర్శకులు రూసో సోదరులు చెప్పారు. లేదు, మన కాలంలోనే మొదటినుంచీ ఆమె భర్తగా చాటున ఉన్నాడని రచయితలు మార్కస్, మెక్‌ఫీలీ చెప్పారు. మొదటిది నిజమైతే అతడు ఆ బెంచీ దగ్గరికి ఎలా చేరాడో కథ చూపలేదు. రెండోది నిజమైతే, ఎన్ని ఘోరాలు జరగబోతున్నాయో తెలిసీ ఆ వీరుడు డెబ్బై ఏళ్ళు ఇంట్లో కూర్చున్నాడు.