పాత అంకె ఎవరి దగ్గర ఆగింది?

వర్షపాతం వార్తలో ఒక జిల్లా అంకె తప్పు పడింది అనుకుందాం. 64 మిల్లీమీటర్లు అని వేశారు, అసలుది 84. డెస్క్ వెంటనే సరిచేసి మళ్లీ పబ్లిష్ చేసింది. వార్తలోని వాక్యంలో 84 కనిపిస్తోంది, కింద గ్రాఫ్ మాత్రం 64 దగ్గరే నిలబడి ఉంది. పాఠకులు ఫోన్ చేస్తారు, డెస్క్‌లో వాళ్లు తమ తెరపై సరిగ్గానే ఉందంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వాక్యం పేజీలోనే ఉంటుంది. గ్రాఫ్ గీయడానికి కావలసిన అంకెలు మాత్రం rain.csv లాంటి వేరే ఫైల్ నుంచి వస్తాయి. ఆ ఫైల్ నకలు దారిలో రెండు చోట్ల నిలవ ఉండొచ్చు: సీడీఎన్ వాళ్ల ఎడ్జ్ సర్వర్‌లో, పాఠకుడి బ్రౌజర్‌లో. సాధారణంగా నింద సీడీఎన్ మీదే పడుతుంది. నా లెక్కలో ఈ ఇద్దరిలో మొండివాడు బ్రౌజరే.

ముందు సీడీఎన్‌ను చూద్దాం. ఫైల్‌తో పాటు మన సర్వర్ Cache-Control: max-age=3600 అని పంపిందనుకోండి, అంటే గంటసేపు దాచుకోవచ్చని. ఉదయం 9:00కు హైదరాబాద్ ఎడ్జ్ సర్వర్ ఆ ఫైల్‌ను తెచ్చుకుంది. 9:20కి డెస్క్ అంకె మార్చింది. 9:25కు డాలస్‌లో ఒకరు అదే పేజీ తెరిచారు. అక్కడి ఎడ్జ్‌లో ఫైల్ లేదు కాబట్టి అది అసలు సర్వర్‌ను అడిగింది, 84 వచ్చింది. 9:50కి వరంగల్ పాఠకుడికి హైదరాబాద్ ఎడ్జ్ ఇంకా 64నే ఇస్తోంది. వాన పడిన జిల్లా పక్కనున్నవాడికి తప్పు అంకె, సముద్రాల అవతల ఉన్నవాడికి సరైనది. ఒక్కో ఎడ్జ్‌కు నిలవ వేరు, గడియారం వేరు. అందుకే ‘కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు’ అనే ఫిర్యాదు వినగానే ముందు అనుమానించాల్సింది వీటినే.

అయితే సీడీఎన్ మన మాట వింటుంది. దాని డ్యాష్‌బోర్డ్‌లో పర్జ్ నొక్కితే, సాధారణంగా కొద్దిసేపట్లోనే అన్ని ఎడ్జ్‌ల నుంచి ఆ ఫైల్ పోతుంది. వరుస మాత్రం తప్పకూడదు. కొత్త ఫైల్ సర్వర్‌కు చేరకముందే పర్జ్ చేస్తే, ఆ మధ్యలో ఎవరో ఒకరు పేజీ తెరుస్తారు, ఎడ్జ్ మళ్లీ పాత ఫైల్‌నే తెచ్చుకుని మరో గంట పట్టుకు కూర్చుంటుంది. పర్జ్ పనిచేయలేదని అనిపిస్తుంది కానీ అది చేయాల్సిన పని చేసింది.

బ్రౌజర్‌కు ఇలాంటి మీట లేదు. 9:01కి పేజీ చూసిన పాఠకుడి ఫోన్‌లో 64 ఉంది. డెస్క్ 9:30కి పర్జ్ చేసినా ఆ ఫోన్‌కు తెలియదు, గడువు తీరేదాకా అది ఎవరినీ అడగదు కూడా. ఎడ్జ్ తనవంతుగా Age అనే హెడర్‌లో ఫైల్ తన దగ్గర ఎన్ని సెకన్లుగా ఉందో చెబుతుంది. 9:50కి వచ్చిన జవాబులో Age: 3000 ఉంటే, బ్రౌజర్ మిగిలిన 600 సెకన్లే ఉంచుకుంటుంది. అంటే మధ్యలో ఎవరూ హెడర్‌లు మార్చకపోతే రెండు నిలవలూ కలిసినా 10:00తో కథ ముగియాలి. చిక్కు ఏమిటంటే మారుస్తారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో బ్రౌజర్ గడువుకు మామూలుగా ఉండే సెట్టింగ్ 4 గంటలు. మన సర్వర్ గంట అన్నా, ఆ సెట్టింగ్‌ను అలాగే వదిలేస్తే పాఠకుడికి చేరేది 4 గంటల గడువు.

అసలు హెడరే పంపకపోతే నిలవ ఉంచదనుకుంటారు చాలామంది. అలా కాదు. గడువు చెప్పకపోతే బ్రౌజర్ తానే అంచనా వేస్తుంది. ఫైల్ చివరిసారి మారి ఎంతకాలమైందో Last-Modified ద్వారా చూసి, అందులో పదో వంతు కాలం తాజాగానే ఉన్నట్టు లెక్కేసుకోవచ్చు. 100 రోజులుగా మారని ఫైల్‌కు 10 రోజుల గడువన్న మాట. ఏడాదికోసారి మారే గణాంకాల పట్టికకు ఇది మరీ ప్రమాదం: ఎంత నిలకడగా ఉందో, మార్చిన రోజున అంత ఆలస్యంగా బయటపడుతుంది.

తప్పు ఎవరిదో తేల్చడం కష్టమేమీ కాదు. ప్రైవేట్ విండోలో నిలవ ఖాళీగా మొదలవుతుంది. అక్కడ 84 వచ్చి మామూలు విండోలో 64 ఉంటే బ్రౌజర్ దోషి. రెండిట్లోనూ 64 ఉంటే ఎడ్జ్ వైపు చూడాలి:

```
curl -I https://example.com/rain.csv
```

జవాబులో Age పెద్దదిగా ఉండి, x-cache లేదా cf-cache-status దగ్గర HIT అని కనిపిస్తే ఎడ్జ్ తన నిలవనుంచే ఇచ్చింది. MISS అని ఉండి కూడా అంకె పాతదే అయితే, కొత్త ఫైల్ అసలు సర్వర్‌కే చేరలేదు. Ctrl+Shift+R నొక్కి చూడటాన్ని మాత్రం నేను పరీక్షగా లెక్కించను. అది మన బ్రౌజర్ నిలవను దాటుతుంది, కానీ చాలా సీడీఎన్‌లు ఆ అభ్యర్థనను పట్టించుకోవు. పేజీ వచ్చాక స్క్రిప్ట్ విడిగా తెచ్చుకునే ఫైళ్లకు అది వర్తించకపోవచ్చు కూడా. గ్రాఫ్ అంకెలు వచ్చేది సరిగ్గా ఆ దారినే.

ఇక మందులు. తొందరలో అందరూ చేసేది rain.csv?v=2 అని తోక తగిలించడం. బ్రౌజర్‌కు అది కొత్త ఫైల్. సీడీఎన్‌కు కాకపోవచ్చు: అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్‌లోని CachingOptimized విధానం ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని లెక్కలోకి తీసుకోదు. అప్పుడు ఎడ్జ్ పాత 64నే ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని కొత్త పేరు కింద దాచుకుంటుంది. ముందున్నదానికన్నా చిక్కుపడ్డ స్థితి ఇది. పర్జ్ చేశాక కూడా ఆ పాఠకుడి దగ్గర v=2 అంటే 64.

నిజంగా పోల్చదగినవి రెండే దారులు.

```
rain.7c41e2.csv   Cache-Control: max-age=31536000, immutable
rain.csv          Cache-Control: max-age=0, s-maxage=30
```

మొదటి దారిలో అంకె మారినప్పుడల్లా ఫైల్ పేరే మారుతుంది. కొత్త పేరు ఎవరి నిలవలోనూ లేదు కనుక పాతది వచ్చే వీలే లేదు, పర్జ్ అక్కర్లేదు. పేరు చెప్పే పేజీని మాత్రం దాచనివ్వకూడదు. వార్తలోని గ్రాఫ్‌కు నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే వాక్యమూ గ్రాఫూ కలిసే మారతాయి. కానీ మన ఫైల్ చిరునామాను వేరే సైట్ నేరుగా వాడుకుంటుంటే ఇదే దారి ఎదురు తిరుగుతుంది. అక్కడ పాత పేరే రాసి ఉంటుంది, 64 అక్కడ గంట కాదు, ఎన్నాళ్లైనా ఉంటుంది.

అలాంటి చోటా, ఓట్ల లెక్కింపు రోజున క్షణక్షణం మారే పట్టికల దగ్గరా రెండో దారి మేలు. s-maxage సీడీఎన్‌కు చెప్పే గడువు, max-age బ్రౌజర్‌కు. ఎడ్జ్ 30 సెకన్లకోసారే అసలు సర్వర్‌ను అడుగుతుంది, బ్రౌజర్ మాత్రం వాడే ప్రతిసారీ ఎడ్జ్‌ను అడుగుతుంది. ఫైల్ మారకపోతే ETag చూసి 304 అనే చిన్న జవాబు వస్తుంది, ఫైల్ మళ్లీ దిగదు. ప్రతిసారీ ఒక రాకపోక ఖర్చు తప్పదు, నెమ్మది నెట్‌వర్క్ మీద అది తెలుస్తుంది కూడా. తెరిచి వదిలేసిన ట్యాబ్‌కు మాత్రం రెండు దారులూ పనికిరావు. పేజీలోని స్క్రిప్ట్ తనంతట తాను మళ్లీ అడిగేలా రాస్తే తప్ప, నిన్న రాత్రి తెరిచిన తెరమీద 64 ఇవాళ సాయంత్రానికీ 64గానే ఉంటుంది.