పెట్టె మీది మాట, లేబుల్ ఇచ్చే పూచీ

నా బల్ల మీద రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్ల పెట్టెలున్నాయి. మొదటిది రెండు మీటర్లది. తెల్లటి అట్ట, దాని మీద ఒక మూలగా అల్ట్రా హైస్పీడ్ ధ్రువీకరణ లేబుల్, అందులో క్యూఆర్ కోడ్. రెండోది అయిదు మీటర్లది. నల్ల అట్ట మీద బంగారు రంగులో పెద్దగా 8కె అని, కింద 48 జీబీపీఎస్ అని, పక్కన గుండ్రటి స్టిక్కర్ మీద సర్టిఫైడ్ అని ఉంది. దానికీ ఒక క్యూఆర్ ఉంది. కొట్లో అతను రెండూ చేతికిచ్చి, "రెండూ ఎయిట్‌కేనే సార్, ఇది పొడుగు కూడా ఎక్కువ, రేటు తక్కువ" అన్నాడు. అతను కావాలని అబద్ధమాడాడని నేననుకోను. పెట్టె మీద ఉన్నదే చదివాడు. పెట్టెలను పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం అక్కడే వచ్చింది.

ముందు ఆ 8కె అన్న మాట చూద్దాం. 8కె తెర మీద అడ్డంగా 7680, నిలువుగా 4320 చుక్కలుంటాయి. అంటే సుమారు 3.3 కోట్లు. సెకనుకు 60 బొమ్మలు మారితే దాదాపు 200 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు రంగులు, రంగుకు 10 బిట్లు లెక్కేస్తే సెకనుకు దాదాపు 60 గిగాబిట్లు. ఇది 48 కన్నా ఎక్కువ. అందుకే 8కె బొమ్మను రంగుల వివరం బాగా తగ్గించి గానీ, కుదించి గానీ పంపుతారు. రంగులు తగ్గించినా 30 గిగాబిట్ల దాకా అవుతుంది. పాత 18 గిగాబిట్ల కేబుల్‌కు అదీ మించిన బరువే. కాబట్టి సెకనుకు ఎన్ని బొమ్మలో, రంగులు ఏ మేరకో చెప్పకుండా ఉత్త 8కె అని వేస్తే, అందులో పరీక్షించి చూడగలిగిన విషయమేదీ ఉండదు.

మొదటి పెట్టె 8కె గురించి పెద్దగా మాట్లాడదు. అది తన తరగతి పేరు చెబుతుంది: అల్ట్రా హైస్పీడ్ హెచ్‌డీఎంఐ కేబుల్. అదే పేరు కేబుల్ తొడుగు మీద కూడా అచ్చయి ఉంది. ఆ పేరు వెనక ఒక పరీక్ష ఉంది. గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రంలో కేబుల్ 48 గిగాబిట్లు మోయగలదా అని చూస్తారు. చుట్టుపక్కల వైఫై లాంటి రేడియో సంకేతాలకు అడ్డుతగిలేంత విద్యుదయస్కాంత సొద చేస్తుందా అని కూడా చూస్తారు. రెండో పెట్టె మీద ఆ తరగతి పేరు ఎక్కడా లేదు. దాని బదులు హెచ్‌డీఎంఐ 2.1 కేబుల్ అని ఉంది. 2.1 అనేది సాంకేతిక ప్రమాణపు సంచిక సంఖ్య. దాన్ని కేబుల్ పేరుగా వాడకూడదని లైసెన్సు సంస్థ నియమం. అమ్మకందారులు అలవాటుకొద్దీ మంచి కేబుల్‌నూ అలా పిలుస్తుంటారు గనక, ఆ ఒక్క మాటతో నకిలీ అని తేల్చలేం. అసలు పేరు లేకపోవడం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇక క్యూఆర్. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఫోన్ కెమెరాతో రెండో పెట్టె క్యూఆర్ చూపిస్తే ఒక వెబ్ పేజీ తెరుచుకుంది. అందులో వారంటీ నమోదు చేసుకోమని, ఈ కేబుల్ సర్టిఫైడ్ అని ఉంది. ఎవరు సర్టిఫై చేశారు? ఆ పేజీ పెట్టినవాళ్లే. క్యూఆర్ ఒక చిరునామా మాత్రమే, దాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అసలు లేబుల్‌ను చూడాల్సింది మామూలు కెమెరాతో కాదు, యాప్ స్టోర్లలో దొరికే `HDMI Cable Certification` యాప్‌తో. అందులో మొదటి పెట్టె లేబుల్ స్కాన్ చేస్తే కేబుల్ ధ్రువీకరణ పొందిందని, ఏ బ్రాండుదో, ఎంత పొడుగో చూపించింది. బ్రాండు పెట్టె మీది పేరుతో సరిపోయింది, పొడుగు రెండు మీటర్లే. రెండో పెట్టె స్టిక్కర్‌ను ఆ యాప్ గుర్తించనే లేదు.

పొడుగును యాప్ ఎందుకు చూపిస్తుందో రెండో పెట్టె వెనకవైపు చదివితే అర్థమైంది. అక్కడ 1.5, 3, 5, 10 మీటర్లు అని వరసగా గళ్లున్నాయి. అయిదు దగ్గర పెన్నుతో టిక్కు పెట్టారు. అన్ని పొడుగులకూ ఒకటే అట్ట, ఒకటే 48. రాగి తీగలో సంకేతం పోయేకొద్దీ బలహీనపడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ నష్టం ఇంకా ఎక్కువ. ఒకటిన్నర మీటర్ల దగ్గర నెగ్గిన తీగ పది మీటర్ల దగ్గర అదే వేగంతో నెగ్గుకురాదు. అంత దూరం పోవాలంటే లోపల సంకేతాన్ని సరిచేసే చిప్ గానీ, కాంతి తంతువు గానీ ఉండాలి. అలాంటి కేబుల్‌కు దిక్కు ఉంటుంది, ఏ కొన పరికరానికో ఏ కొన టీవీకో రాసి ఉంటుంది. ఈ నల్ల పెట్టె కేబుల్‌కు అలాంటి గుర్తే లేదు, ఉత్త రాగి తీగే. ధ్రువీకరణ లేబుల్ ఒక్కో పొడుగుకు విడివిడిగా ఇచ్చేది ఇందుకే. రెండు మీటర్ల పరీక్ష అయిదు మీటర్లకు పూచీ పడదు. యాప్‌లో రెండు అని వచ్చి, చేతిలో అయిదు ఉంటే, లేబుల్ అసలుదైనా అది ఆ కేబుల్‌ది కాదు.

ఇంటికి తెచ్చి రెండింటినీ ఒకే కంప్యూటర్‌కు, ఒకే టీవీకి తగిలించాను. నా టీవీ 4కె, సెకనుకు 120 బొమ్మలు చూపగలదు. 10 బిట్ల రంగులు తగ్గించకుండా పంపాలంటే, చుక్కలతో పాటు సంకేతపు అదనపు భారం కూడా కలిపి దానికి మొత్తం 40 గిగాబిట్లు కావాలి. నల్ల పెట్టె కేబుల్‌తో బొమ్మ వెంటనే వచ్చింది, శుభ్రంగానే వచ్చింది. సెట్టింగుల్లో చూస్తే 60 దగ్గర నడుస్తోంది. 120 పెడితే తెర నల్లబడి, కొన్ని సెకన్లకు మళ్లీ 60కి దిగింది. తెల్ల పెట్టె కేబుల్‌తో 120 నిలిచింది, రంగు 10 బిట్లుగానే ఉంది. ఒకటి రెండు మీటర్లు, ఒకటి అయిదు కాబట్టి పనితనంలో ఇది సమానమైన పోటీ కాదు. నేను తూచింది వాటి మాటలను. అయిదు మీటర్ల పెట్టె 48 అంది, 40 దగ్గరే నిలవలేదు.

బొమ్మ వచ్చింది కదా, కేబుల్ మంచిదే అనుకోవడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. కలిపిన వెంటనే రెండు పరికరాలూ కేబుల్‌ను పరీక్షించుకుంటాయి. ఎక్కువ వేగం నిలవకపోతే తక్కువకు దిగుతాయి, ఆ సంగతి మనకు చెప్పవు. అప్పుడప్పుడూ తెర క్షణంపాటు నల్లబడటం, మెరుపు చుక్కలు, సెట్టింగుల్లో 120 కనిపించకపోవడం, ఇవే జాడలు.

లేబుల్ విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రీమియం హైస్పీడ్ అని ఇంకో ధ్రువీకరణ లేబుల్ ఉంది. దానికీ క్యూఆర్ ఉంటుంది, అదీ అసలుదే. కానీ అది 18 గిగాబిట్ల తరగతి, 4కె 60 వరకే దాని పూచీ. అసలు ప్రీమియం లేబుల్ ఉన్న కేబుల్‌ను 8కె అని చూపిస్తే, లేబుల్ నిజం, మాట అబద్ధం. అల్ట్రా లేబుల్ కూడా కేబుల్‌కే పూచీ పడుతుంది. టీవీకి నాలుగు పోర్టులుంటే అన్నీ పూర్తి వేగానివి కానక్కరలేదు, అది టీవీ పుస్తకంలో చూసుకోవాలి.

నల్ల పెట్టె కేబుల్‌ను నేను పారేయలేదు. సెట్‌టాప్ బాక్సుకు పెట్టాను, 4కె 60కి అది చాలు. ఆ అట్ట మీద ఆ మాటే రాసి ఉంటే దాన్ని తప్పుపట్టేవాణ్ణి కాదు. మళ్లీ కొట్టుకు వెళ్లినప్పుడు డబ్బు ఇచ్చేముందే యాప్ తెరిచి, పెట్టె మీది పొడుగు, తెర మీది పొడుగు కొట్టతనికి చూపించాను. అతను తన ఫోన్‌లోనూ యాప్ వేసుకుని, గల్లాపెట్టె పక్కనున్న పెట్టెలను ఒక్కొక్కటే స్కాన్ చేయడం మొదలుపెట్టాడు.