ముప్పై ఎనిమిది మాటలు పన్నెండైతే

మాట పొదుపులో ఇస్మాయిల్‌ను మించినవాడు నాకు కనిపించలేదు. అలిశెట్టి ప్రభాకర్ 'సిటీ లైఫ్' మినీ కవితలూ ఆ కోవలోవే. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టిన కుందుర్తి వచన కవితకు పెద్ద బాట వేశాడు, సరే. ఆ బాటలో వదరుబోతులు కూడా నడిచొచ్చారు.

ఉదాహరణకు, వజ్రకరూరు మీద ఒక చిత్తు ఇలా ఉందనుకోండి. తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతికే జనం మనకు తెలిసినవాళ్లే.

తొలకరి వాన కురిసి వెలిసిన తరువాత ఎర్రటి నేల మీద
తమ తమ ఊళ్ల నుంచి తరలివచ్చిన పేద జనాలందరూ
తలలు వంచుకుని ఒక వజ్రం కోసం ఆశగా వెతుకుతూ ఉన్నారు
ఆ చేను యజమాని అయిన రైతు మాత్రం
ఆకాశం వైపు తల ఎత్తి ఇంకొక వాన కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు

తొలకరి అన్నాక వాన ఎందుకు? వంచిన తలలోనే వెతుకులాట ఉంది, ఆశా ఉంది. ఎత్తిన తలలో ఆకాశం ఉంది. 'అయిన', 'ఒక', 'ఉన్నారు' గుమాస్తా మాటలు. 'పేద' అనేది కవి మనచేత పెట్టించాలనుకున్న కన్నీరు. అవన్నీ పోతే:

తొలకరి వెలిసింది.
ఎర్రనేలలో
వంగిన తలలన్నీ
వజ్రం కోసం.

తలెత్తినవాడొక్కడే
చేను గలాయన
ఇంకో వానకు.

చిత్రం ఒక్కటీ చెడలేదు. ఇప్పుడు విరుపులు చూడండి. 'వంగిన తలలన్నీ' దగ్గర ఆగితే ఏ దేవుడికో మొక్కుతున్నారనిపిస్తుంది. కింది పాదంలో ఆ దేవుడు వజ్రమని తేలుతుంది. అదే 'వజ్రం' దగ్గర విరిచి 'కోసం' ఒంటరిగా దించితే, బరువులేని మాటకు పీట వేసినట్టు. మధ్యలో ఖాళీ వరుస ఊరికే వదల్లేదు: కిందికున్న చూపు పైకి లేవడానికి అంత జాగా కావాలి. తెలుగులో వాక్యం క్రియతో ముగియడం అలవాటు. ఇక్కడ క్రియనే తీసేసి 'వానకు' దగ్గర ఆపడంతో ఎదురుచూపు తీరకుండా మిగిలింది.

కత్తెర ఇంకా ఆడించి 'ఇంకో' కూడా తీసేస్తే కవిత చస్తుంది. ఒక్క వాన వజ్రాల వేటకు చాలింది, వేరుశనగ పంటకు చాలదు. ఆ సంగతంతా మోస్తున్నది ఆ చిన్నమాటే. 'ఎర్ర' తీసినా ఊరు పోతుంది. అలాగని పొడుగంతా కొవ్వు కాదు: మా విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' పొడుగు కావ్యమే, దాన్ని కొవ్వు అనే సాహసం నాకు లేదు.

నా కోపం వేరేవాళ్ల మీద. పేపరు వార్తలాంటి వాక్యాన్ని మాటకొక వరుసగా నరికి కవిత అంటున్నారు, పత్రికలు వేస్తున్నాయి! సంపాదకులారా, అచ్చుకు ముందు ఆ వరుసలన్నీ కలిపి ఒకే వాక్యంగా పైకి చదవండి. ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపులు దండగ, తిప్పి పంపేయండి.