చుక్క చెరిగినా చెడని డ్రాయింగు

హిందూపురం తూమకుంట పారిశ్రామిక వాడలో కంట్రోల్ ప్యానెళ్లు చూసుకునే చిన్న బృందం అది. పెనుకొండలో విడిభాగాల యూనిట్లకూ, ధర్మవరంలో మరమగ్గాలకూ వాళ్లే వెళ్తారు. సర్క్యూట్ డ్రాయింగులన్నీ ఇకమీదట ఒకే తీరులో గీద్దామని వాళ్ల టీమ్ లీడర్ చేసిన ప్రసంగం విన్నాను. ఒప్పించడమంటే ఎలాగో అక్కడ చూశాను.

ఆయన ఉపోద్ఘాతం జోలికే పోలేదు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన ఒక మోటార్ స్టార్టర్ డ్రాయింగు అందరికీ పంచి, ఇది ఎలా నడుస్తుందో చెప్పండి అన్నాడు. స్టార్ట్ బటన్ నుంచి వచ్చే తీగ, కాంటాక్టర్ సొంత కాంటాక్టు 14వ నంబరు తీగ, కాయిల్ A1కి పోయే తీగ, ఇండికేటర్ దీపం తీగ, నాలుగూ ఒకే చోట కలవాలి. అసలు కాగితంలో ఆ కూడలి మీద చుక్క ఉంది. జిరాక్సుల్లో అది మాయమైంది. ఇప్పుడు చూస్తే బటన్ నేరుగా కాయిల్‌కీ, కాంటాక్టు నేరుగా దీపానికీ పోయినట్టుంది, రెండూ ఊరికే ఒకదాన్నొకటి దాటుతున్నట్టుంది.

అలాగే వైరింగ్ చేస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, వాళ్లచేతే చెప్పించాడు. బటన్ నొక్కినంతసేపూ మోటారు తిరుగుతుంది, దీపమూ వెలుగుతుంది. వేలు తీయగానే రెండూ ఆగిపోతాయి. దీపం సరిగ్గానే వెలిగింది కాబట్టి అనుమానం డ్రాయింగు మీదికి పోదు. కాంటాక్టు పాడైందనుకుని మంచి కాంటాక్టర్‌ని విప్పి పారేస్తారు.

అప్పుడు మొదటి నియమంగా, బోర్డు మీద అదే కూడలిని కొంచెం ఎడంగా రెండు 'టీ' ఆకారాలుగా గీశాడు. చుక్క ఉన్నా, చెరిగినా అర్థం మారదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: పొరపాటు గీసినవాడిది అనకుండా, గీత మీదే పెట్టాడు.

"ఇరవై ఏండ్లుగా ఇట్లే గీస్తాండాము గదన్నా" అన్నాడొక ధర్మవరం ఆయన. లీడర్ చీరల గ్రాఫ్ కాగితాన్ని గుర్తుచేశాడు. గడి నింపితే ఆ పోగు పైకి లేవాలని గీసినాయనకీ, అట్టలు కొట్టే ఆయనకీ ఒకే లెక్క లేకుంటే జకార్డ్ మీద పువ్వు పువ్వుగా పడుతుందా అన్నాడు. ఆ మాటతో సగం గది ఆయన వైపు వచ్చేసింది.

రెండో నియమం కాంటాక్టు గుర్తు గురించి. అమెరికన్ పద్ధతిలో రెండు నిలువు గీతలు గీస్తే అది ఓపెన్ కాంటాక్టు. ఐఈసీ గుర్తులకు అలవాటుపడ్డ కంటికి అది కెపాసిటర్‌లా కనిపిస్తుంది. కాగితం మీద ఐఈసీ 60617 గుర్తులే వాడదామన్నాడు. పీఎల్‌సీ ల్యాడర్‌లో మాత్రం ఆ నిలువు గీతలే ఉంటాయనీ, వాటి జోలికి పోవద్దనీ వెంటనే చెప్పాడు. హద్దు ఎక్కడో తనే చెప్పడంతో ఎదురు ప్రశ్నలు తగ్గాయి. పాత డ్రాయింగులన్నీ మళ్లీ గీయమనలేదు. ప్యానెల్ మార్పుకు తెరిచినప్పుడు ఆ ఒక్క షీటు మారిస్తే చాలన్నాడు.

లోటు ఒకటుంది. కొత్త షీటును ఎవరు సరిచూడాలో చెప్పలేదు, ఆ పని ఒకరికి అప్పగించకపోతే నియమం నాలుగు నెలలు కూడా నిలవదు. మీ ప్యానెల్ తలుపు లోపల అంటించిన డ్రాయింగులో నాలుగు తీగలు ఒకే చుక్కలో కలుస్తుంటే, ముందు దాన్ని మార్చి గీయించండి.