48 రూపాయల బుష్

కెలమంగలం రోడ్డులో చిన్న సీఎన్‌సీ షెడ్డు నడిపే మిత్రుడి లెక్కల కాగితం చూసి ఈ వారం ఒళ్లు మండింది. హోసూరులో ఓ కొత్త పార్టీ అతణ్ణి 2,500 స్టీల్ బుష్‌లు, ఒక్కోటి 48 రూపాయలకు చేసివ్వమంది. మామూలు ధర 60. "మనకు పడేదే 55 కదన్నా, ఎట్లా ఇస్తాం?" అని అకౌంట్స్ చూసే కుర్రాడు వద్దనేశాడు.

ఆ 55 మీదే నా పాత తగాదా. అందులో స్టీలు, టూలు, కరెంటు, పీస్ కూలి, ప్యాకింగ్ కలిపి 40. మిగతా 15 షెడ్డు అద్దె, మెషిన్ కంతు, సూపర్‌వైజర్ జీతం: నెలకు 1,05,000ను 7,000 బుష్‌లకు పంచిన వాటా. ఆర్డర్ వచ్చినా రాకపోయినా ఆ లక్షా ఐదు వేలు కట్టక తప్పదు. నెలకు 10,000 తీయగల మెషిన్లు 7,000 దగ్గర ఆగి ఉన్నాయి. కాబట్టి కొత్త బుష్ ఒక్కోదానికి 8 రూపాయలు మిగులుతుంది. మొత్తం 20,000. ఈ ఆర్డర్‌కే కావలసిన గేజి, ఫిక్స్చర్‌కు 6,000 పోతే 14,000. అదే పార్టీ 4,000 అడిగితే లెక్క మారుతుంది. ఖాళీ 3,000కే ఉంది గనక పాత కస్టమర్‌కు వెళ్లాల్సిన వెయ్యి ఆగిపోతాయి, వాటి మీద రావలసిన 20,000 పోతుంది, చేతికి మిగిలేది 6,000.

ఇంతవరకు ఒప్పుకోమనే చెప్పబోయాను. మా వైపు గులాబీ తోటలవాళ్లు చేసేదీ అదేగా. ఫిబ్రవరి 14 ముందు కట్ట ధర ఎక్కడో ఉంటుంది. ఆడి మాసంలో పెళ్లిళ్లుండవు, ధర పడిపోతుంది. అయినా కోసిన పువ్వును దాచలేరు. పాలీహౌస్, మొక్కలు, మందుల ఖర్చు అప్పటికే అయిపోయింది. కోత కూలి, బండి ఖర్చు దాటి ఎంత వచ్చినా అమ్మేస్తారు. అది సరైన పనే. మళ్లీ ముహూర్తాలు వచ్చేసరికి ఆడి ధర ఎవరూ గుర్తుచేయరు, ఎందుకంటే మార్కెట్ రోజూ కొత్తగా ధర కడుతుంది.

బుష్‌కు ఆ భాగ్యం లేదు. దాని ధర పర్చేజ్ ఆర్డర్ మీద ఉండిపోతుంది, మళ్లీ ఆర్డర్ వేసేటప్పుడు అక్కడినుంచే బేరం మొదలవుతుంది. పైగా సిప్కాట్ చుట్టుపక్కల కొనుగోలు మేనేజర్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, వాళ్ల సప్లయర్లూ ఒకటే. పాత కస్టమర్‌కు విషయం తెలిసి రెండు రూపాయలు తగ్గించమన్నాడనుకోండి, 7,000 మీద 14,000. ఒక్కసారి వచ్చిన లాభం మొదటి నెలలోనే పోతుంది, ఆ తర్వాత నెలనెలా నష్టమే. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతున్నా, బేరమాడి కొన్న పార్టీ ఆలస్యం చేస్తే చిన్న షెడ్డువాడు చట్టం పట్టుకుని వెళ్లడానికి జంకుతాడు.

చివరికి నేనూ వద్దనే చెప్పాను, కుర్రాడి కారణానికి మాత్రం కాదు. పాత కస్టమర్ కొనే ఆ బుష్‌నే 48కి ఇవ్వొద్దు. కొత్త పార్టీ దగ్గర వేరే డ్రాయింగ్ ఉన్న భాగం ఉంటే అదే 8 రూపాయల మిగులుకు తీసుకోవచ్చు. కొటేషన్‌లో ఈ ఒక్క లాటుకే ఈ ధర అని, ఫలానా తేదీ వరకే అని రాయాలి. స్టీలు డబ్బు ముందే తీసుకోవాలి.