పన్నెండు మంది మాట ఎప్పుడు నమ్మాలి?

ఇంటర్వ్యూల ఆధారంగా రాసిన పరిశోధన పత్రాలు చదివేవాళ్లకు 12 అనే అంకె బాగా పరిచయం. ‘పన్నెండు మందితో మాట్లాడాం, ఆ తర్వాత కొత్త విషయాలేవీ రాలేదు, అందుకే అక్కడితో ఆపాం’ అని వాటిలో ఉంటుంది. పక్కనే ఆధారంగా 2006లో వచ్చిన ఒక వ్యాసం పేరు ఉంటుంది. చదివేవాడు తల ఊపి ముందుకు వెళ్లిపోతాడు. అయితే ఆ 12 ఎక్కడ పుట్టిందో తెలిస్తే, గుణాత్మక పరిశోధనను ఎలా తూచాలో చాలావరకు తెలిసినట్టే.

ఆ వ్యాసం రాసిన గ్రెగ్ గెస్ట్, ఆర్వెన్ బన్స్, లారా జాన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలో 60 మంది మహిళలతో జరిగిన ఇంటర్వ్యూలను పరిశీలించారు. ఘనా రాజధాని అక్రాలో 30 మంది, నైజీరియాలోని ఇబాదాన్‌లో 30 మంది. అందరూ హెచ్‌ఐవీ సోకే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లే. లైంగిక జీవితం గురించి అడిగినప్పుడు మనుషులు ఎంత నిజం చెబుతారు, ఎందుకు దాస్తారు అన్నది విషయం. ఇంటర్వ్యూలను ఆరేసి చొప్పున విశ్లేషిస్తూ, ప్రతి విడత తర్వాత ఎన్ని కొత్త కోడ్‌లు వచ్చాయో లెక్క రాసుకున్నారు. కోడ్ అంటే, ఎవరైనా చెప్పిన మాటలో ఒక ముక్క దేని గురించో తెలిపేలా పరిశోధకుడు దానికి పెట్టే గుర్తు. మొత్తం 60 ఇంటర్వ్యూల్లో 114 కోడ్‌లు తేలాయి. వాటిలో 80 మొదటి ఆరు ఇంటర్వ్యూలకే వచ్చేశాయి. పన్నెండు పూర్తయ్యేసరికి వంద అయ్యాయి. ఆ తర్వాత 48 మంది చెప్పినదానిలో కొత్తగా దొరికినవి 14 మాత్రమే.

ఆ లెక్కలో దోషం లేదు. దాన్ని వాడుకునే తీరులోనే దోషం ఉంది. ఆ మహిళలంతా ఒకే రకం పరిస్థితుల్లో ఉన్నవాళ్లు, అందరినీ అవే ప్రశ్నలు అడిగారు, విషయం కూడా ఇరుకైనది. ఈ మూడూ కలిశాయి కాబట్టే పన్నెండు సరిపోయింది. ఈ షరతులను ఆ రచయితలే తమ వ్యాసంలో స్పష్టంగా రాశారు. తర్వాతివాళ్లు షరతులు వదిలేసి అంకెను మాత్రం పట్టుకుపోయారు. రైతులు, కౌలుదారులు, వడ్డీ వ్యాపారులు, బ్యాంకు అధికారులు అందరూ కలిసిన పన్నెండు మందితో మాట్లాడి, అప్పుల గురించి ఇక చెప్పాల్సింది ఏమీ మిగల్లేదంటే నమ్మలేం. అక్కడ ఒక్కో వర్గానికి దక్కింది ముగ్గురే.

పైగా ఒక విషయం ప్రస్తావనకు రావడం వేరు, అది అర్థం కావడం వేరు. మోనిక్ హెన్నింక్ బృందం 2017లో 25 ఇంటర్వ్యూలతో ఈ తేడానే పరీక్షించింది. ఏయే విషయాలున్నాయో తెలియడానికి తొమ్మిది ఇంటర్వ్యూలు చాలాయి. ఆ విషయాల్లోని కోణాలు, మెలికలు బోధపడడానికి 16 నుంచి 24 వరకు కావాల్సి వచ్చింది.

కొత్తది రాని ఈ స్థితినే పరిశోధకులు శాచురేషన్ అంటారు. 1967లో గ్లేజర్, స్ట్రాస్ ఈ ఆలోచనను ప్రవేశపెట్టినప్పుడు ఇంటర్వ్యూ, విశ్లేషణ జంటగా నడవాలన్నారు. ఇవాళ ఒకరితో మాట్లాడి, ఆ మాటలను చదివి, ఏం తెలియలేదో చూసుకుని, దాన్నిబట్టి రేపు ఎవరిని కలవాలో నిర్ణయించుకోవాలి. అందువల్ల పాఠకుడి చేతిలో ఒక సులువైన పరీక్ష ఉంది. ఇంటర్వ్యూలన్నీ రెండు వారాల్లో ముగించి, ఆ తర్వాతే రికార్డింగులు రాయించి, కోడింగ్ మొదలుపెట్టిన అధ్యయనం శాచురేషన్ వచ్చిందని ఆపామంటే ఒప్పుకోనక్కర్లేదు. ఎప్పుడు ఆపాలో తెలిసే వీలే వాళ్లకు లేదు. డబ్బో గడువో అయిపోయి ఆపి ఉంటారు. ఆ మాటే నేరుగా రాస్తే నా దృష్టిలో వాళ్ల గౌరవం పెరుగుతుంది.

ఎంతమంది అన్నదానికంటే ఎవరు, ఎవరి ద్వారా అన్నది పెద్ద ప్రశ్న. ఒక ఊహాజనిత అధ్యయనాన్ని తీసుకుందాం. ఒక మండలంలో క్షయ రోగులు ఆరు నెలల మందుల కోర్సును మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారో తెలుసుకోవాలి. పరిశోధకుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తాడు. అక్కడి సిబ్బంది ఆశా కార్యకర్తలకు చెబుతారు. వాళ్లు ఇరవై మందిని చూపిస్తారు. అడగ్గానే దొరికేది ఎవరు? ఊళ్లో ఉన్నవాళ్లు, ఆశాతో మంచిగా ఉన్నవాళ్లు, మళ్లీ మందులు మొదలుపెట్టినవాళ్లు. బతుకుతెరువు కోసం ఇటుక బట్టీలకు వలసపోయినవాళ్లు, జబ్బు సంగతి దాచుకున్నవాళ్లు, ఆస్పత్రిలో అవమానం పడి మళ్లీ ఆ గడప తొక్కనివాళ్లు ఆ జాబితాలోకి రారు. మందులు ఆపడానికి అసలు కారణాలు వీళ్ల దగ్గరే ఎక్కువగా ఉంటాయి. ఇరవైని నలభై చేసినా, దారి అదే అయితే ఈ లోటు తీరదు.

గుణాత్మక పరిశోధన జనాభా లెక్క కాదు కాబట్టి, లాటరీ తీసినట్టు మనుషులను ఎంచలేదని తప్పుపట్టకూడదు. విషయం ఎరిగినవాళ్లను కావాలని ఎంచుకోవడమే ఈ పద్ధతి. కానీ ఏ లెక్కన ఎంచారో, ఎవరు రానన్నారో, ఎవరిని చేరుకోలేకపోయారో పత్రంలో ఉండాలి.

అదే అధ్యయనంలో ఒక కూలీ ఇలా అన్నాడనుకుందాం: “మందులు మానలేదు సార్. పనికి పోయొచ్చాక ఏసుకుందామనుకునేటోణ్ణి. పొద్దున్నే ఖాళీ కడుపున ఏసుకుంటే కళ్లు తిరుగుతుండె. పనిలో పడిపోతే మేస్త్రీ రేపట్నించి రావొద్దంటడు.” ఈ నాలుగు వాక్యాలకు ఏ కోడ్ పెట్టాలి?

తొందరలో ఉన్నవాడు ‘మందుల పట్ల నిర్లక్ష్యం’ అని పెడతాడు. అది ఆ మనిషి మాట కాదు, ఆస్పత్రి రిజిస్టరు భాష. కాస్త నిలిచి చదివినవాడికి మొదటి వాక్యంలో ‘మానలేదనడం’, రెండోదానిలో ‘వేళ మార్చుకోవడం’, మూడోదానిలో ‘తిండి లేక మందు పడకపోవడం’, నాలుగోదానిలో ‘కూలి పోతుందన్న భయం’ కనిపిస్తాయి. ఇరవై ఇంటర్వ్యూలూ ఇలా చదివితే, మందులు ఆపడమనేది మతిమరుపు వల్లో అవగాహన లేకనో కాక, పని వేళలకూ మందు వేళలకూ పొత్తు కుదరకపోవడం వల్ల జరుగుతోందన్న అంశం బలపడవచ్చు. దాన్నే థీమ్ అంటారు. ‘నిర్లక్ష్యం’ అని కోడ్ పెట్టినవాడి నివేదిక చివర అవగాహన సదస్సులు పెట్టాలని సిఫారసు ఉంటుంది. మాటలు అవే, మందు మారిపోయింది.

అందుకే మంచి అధ్యయనాల్లో కోడ్‌బుక్ ఉంటుంది. ప్రతి కోడ్‌కూ నిర్వచనం, దాని కిందికి ఏది వస్తుంది, ఏది రాదు, ఒక ఉదాహరణ. దారిలో ఏ కోడ్‌ను రెండుగా చీల్చారో, ఏ రెండింటిని కలిపారో, ఎందుకో కూడా రాసి ఉంచుతారు. మొదటి వారంలో అనుకున్న కోడ్‌లే చివరిదాకా ఏ మార్పూ లేకుండా మిగిలాయంటే నాకు అనుమానమే. ఆ ఇరవై మంది పరిశోధకుడికి తెలియనిది ఒక్కటీ చెప్పలేదా?

ఇద్దరు విడివిడిగా కోడింగ్ చేసి, ఎంత ఏకీభవించారో కప్పా అనే అంకెతో చూపించే అలవాటు ఉంది. యాదృచ్ఛికంగా కుదిరే ఏకీభావాన్ని మినహాయించి వచ్చే లెక్క అది. కోడ్‌బుక్‌ను ఒకే తీరున వాడారని అది రుజువు చేస్తుంది. కోడ్‌బుక్ సరైనదని రుజువు చేయదు. ఇద్దరూ ఒకే శిక్షణ పొంది ఆ కూలీ మాటకు ‘నిర్లక్ష్యం’ అనే పెడితే కప్పా చాలా బాగుంటుంది. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ తీర్చిదిద్దిన పద్ధతిలోనైతే ఈ అంకె అవసరమే లేదు. థీమ్‌లు మాటల్లో దాగి ఉండి బయటపడేవి కావని, పరిశోధకుడు చదివి, ఆలోచించి నిర్మించేవని వాళ్ల వాదన. ఏ దారైనా ఫరవాలేదు, కానీ రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పత్రాన్ని జాగ్రత్తగా చదవాలి.

కోడ్‌బుక్ అందుబాటులో లేకపోయినా చేయగలిగింది ఒకటుంది. పత్రంలో ఉటంకించిన మాటల కింద ‘పాల్గొన్నవారు 4’, ‘పాల్గొన్నవారు 11’ అని సంఖ్యలుంటాయి. వాటిని లెక్కపెట్టండి. ఇరవై మందితో మాట్లాడామన్నవాళ్లు పదే పదే ముగ్గురి మాటలే చూపిస్తుంటే, చక్కగా మాట్లాడే ముగ్గురి కథను మనం ఇరవై మందిదిగా చదువుతున్నాం. థీమ్‌కు అడ్డంపడే మాట ఒక్కటైనా ఉందా అన్నదీ చూడాలి. కడుపునిండా తిని, ఇంటి పట్టున ఉండి కూడా మందులు ఆపేసినవాళ్లు ఉంటే, వాళ్లకు చోటిచ్చి, అందుకు తగ్గట్టు తన వాదనను సవరించుకున్న పరిశోధకుడిని ఎక్కువ నమ్మవచ్చు.

మళ్లీ ఆ కూలీ మొదటి వాక్యానికి వద్దాం. “మానలేదు సార్” అని ఎందుకన్నాడు? ఎదురుగా కూర్చున్నవాడిని ఆస్పత్రి మనిషి అనుకున్నాడు. ఆశా తీసుకొచ్చింది, చేతిలో ఫైలుంది, సంతకం పెట్టమన్నాడు. ఆమె అక్కడే కూర్చుని ఉంటే, ఆమె గురించి ఫిర్యాదు ఎలా వస్తుంది? అడిగేవాడు ఎవరన్నది జవాబులో భాగమైపోతుంది. దీన్ని గమనించి, విశ్లేషణలో లెక్కలోకి తీసుకోవడమే రిఫ్లెక్సివిటీ.

దీని మీద నాకు అన్నిటికంటే ఉపయోగపడింది అమెరికా పరిశోధకురాలు కేథరిన్ రీస్‌మన్ 1987లో రాసిన వ్యాసం. ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే మనసు విప్పి చెబుతారన్న నమ్మకం అప్పటికి బలంగా ఉంది. రీస్‌మన్ విడాకుల మీద జరిగిన రెండు ఇంటర్వ్యూలను పక్కపక్కన పెట్టింది. ఇద్దరినీ అడిగింది తెల్లజాతి మధ్యతరగతి మహిళ. మొదటి ఆమె కూడా తెల్లజాతి మనిషే. పెళ్లి నుంచి విడాకుల వరకు వరసగా చెప్పుకుపోయింది, అడిగేవాళ్లు ఆసక్తిగా విన్నారు. రెండో ఆమె ప్యూర్టోరికో నుంచి వచ్చిన శ్రామిక కుటుంబపు మనిషి. ఆమె కాలక్రమంలో కాకుండా ఘట్టాలు ఘట్టాలుగా చెప్పింది. అడిగే ఆమెకు దారి దొరకలేదు. మధ్యలో ఆపి ‘ఇది ఎప్పుడు జరిగింది?’ తరహా ప్రశ్నలతో కథను తనకు తెలిసిన వరసలోకి లాగాలని చూసింది. ఇద్దరూ ఆడవాళ్లే అయినా వర్గం, సంస్కృతి అడ్డొచ్చాయి. ఆ తడబాటు రాతప్రతిలో పరిశోధకురాలి ప్రశ్నలతో సహా ఉంది కాబట్టే రీస్‌మన్ దాన్ని చూపించగలిగింది.

‘నేను ఫలానా కులం, ఫలానా చదువు, నా పక్షపాతాలు నాకు తెలుసు’ అని ఒక పేరా రాసేసి, తర్వాతి పేజీల్లో దాని ఊసే ఎత్తకపోవడం ఇప్పుడు మామూలైపోయింది. 2007లో వచ్చిన కోరెక్ అనే 32 అంశాల జాబితా, ఇంటర్వ్యూ ఎవరు చేశారు, వాళ్లకు పాల్గొన్నవాళ్లతో ముందే పరిచయం ఉందా వంటివి చెప్పమని అడుగుతుంది. మంచిదే. అయితే జాబితా నింపినంత మాత్రాన పని జరిగినట్టు కాదు. ఆశా ముందు చెప్పిన జవాబులకూ, ఆమె లేనప్పుడు చెప్పిన జవాబులకూ తేడా చూశారా? తేడా కనిపించాక కొందరిని చేను దగ్గరో, పని ముగిశాకనో మళ్లీ కలిశారా? రిఫ్లెక్సివిటీ ఉందో లేదో ఇలాంటి మార్పుల్లోనే తేలుతుంది.

ఇంటర్వ్యూ అధ్యయనాలను వార్తలుగా, వ్యాసాలుగా మన ముందుకు తెచ్చే పత్రికలకు ఒక విన్నపం. ఎంతమందితో మాట్లాడారో రాసే చోటే, వాళ్లను ఎవరు చూపించారో, ప్రశ్నలు ఎవరు అడిగారో, ఆ సమయంలో పక్కన ఎవరున్నారో కూడా రెండు వాక్యాల్లో అచ్చు వేయండి.